చెరువు గట్టు నుంచి హైదరాబాద్ సర్వర్ దాకా: నాలుగు లింకుల ఆలస్యం లెక్క, ప్రాజెక్టు డైరీ

మొగల్తూరు వైపు ఒక రొయ్యల చెరువు. గట్టు మీద నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే డీవోను కొలిచే సెన్సర్ బోర్డు, మోటారు షెడ్డులో గేట్‌వే పెట్టె, దానికే తగిలించిన కెమెరా. బోర్డు పంపిన రీడింగు హైదరాబాద్ సర్వర్‌కు చేరడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో ముందు కాగితం మీద లెక్కేసి, తరువాత కొలిచి, రెండూ ఎక్కడ కుదరలేదో వెతికిన వరస ఇది. తెల్లవారుజామున డీవో పడిపోయినప్పుడు ఏరేటర్లు తిప్పమనే ఆదేశం ఇదే దారిలో వెనక్కి రావాలి. కాబట్టి రానుపోను రెండూ లెక్కలోకి వస్తాయి. అంకెలన్నీ మిల్లీసెకన్లలో (మి.సె.).

దారి

1. బోర్డు నుంచి షెడ్డుకు: ఆర్‌ఎస్-485 తీగ, 400 మీటర్లు, 9600 బాడ్. రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్లు.
2. షెడ్డు నుంచి ఊళ్లోని డాబాకు: రేడియో బ్రిడ్జి, 6 కి.మీ. మధ్యలో కొబ్బరి చెట్లు అడ్డం, సిగ్నల్ బలహీనం. అందుకే రేడియోను రెండు వైపులా 2 ఎంబీపీఎస్ దగ్గర నిలిపాం.
3. ఊరి నుంచి భీమవరానికి: ఫైబర్, సుమారు 30 కి.మీ., 100 ఎంబీపీఎస్.
4. భీమవరం నుంచి హైదరాబాద్‌కు: ఫైబర్, 1 జీబీపీఎస్.

బోర్డు పంపే సందేశం 96 బైట్లు. గేట్‌వే దానికి యూడీపీ, ఐపీ, ఈథర్నెట్ హెడర్లు చుట్టాక 142 బైట్లు అవుతుంది.

## దశ 1: మొదటి కాగితం లెక్క (తప్పు)

ప్రతి లింకుకూ నాలుగు ముక్కలు. ఎవరికైనా గందరగోళంగా ఉంటే నరసాపురం రేవులో పంటు గుర్తు తెచ్చుకుంటే చాలు. లారీలన్నీ పంటు మీదికి ఎక్కడానికి పట్టే సమయం ట్రాన్స్‌మిషన్ డిలే. అది ప్యాకెట్ సైజునూ లింకు వేగాన్నీ బట్టి ఉంటుంది. పంటు గోదావరి దాటే సమయం ప్రాపగేషన్ డిలే, అది దూరాన్నీ, ఆ దారిలో సిగ్నల్ వేగాన్నీ బట్టి మాత్రమే. మన వంతు వచ్చేదాకా రేవులో నిలబడటం క్యూయింగ్. టికెట్ చూసి ఏ వరసలోకి పోవాలో చెప్పడం ప్రాసెసింగ్. ప్రతి రేవులోనూ ప్యాకెట్ మొత్తం దిగాకే మళ్లీ ఎక్కుతుంది కాబట్టి ట్రాన్స్‌మిషన్ సమయాన్ని ప్రతి లింకుకూ విడిగా కలపాలి.

```
d = L/R + distance/speed + d_queue + d_proc
```

L ప్యాకెట్‌లోని బిట్లు, R లింకు వేగం. సిగ్నల్ వేగాలు: గాలిలో సెకనుకు 3 లక్షల కి.మీ., ఫైబర్‌లోనూ తీగలోనూ సుమారు 2 లక్షల కి.మీ. అంటే ఫైబర్‌లో కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు.

- లింకు 1: 96 × 8 / 9600 = 80.0, ప్రాపగేషన్ 0.002
- లింకు 2: 142 × 8 / 20,00,000 = 0.568, ప్రాపగేషన్ 0.020
- లింకు 3: ట్రాన్స్‌మిషన్ 0.011, ప్రాపగేషన్ 0.150
- లింకు 4: ట్రాన్స్‌మిషన్ 0.001, ప్రాపగేషన్ 1.9 (రోడ్డు దూరం 380 కి.మీ. అనుకుని)

క్యూయింగ్, ప్రాసెసింగ్ సున్నా అనుకున్నాం. మొత్తం: పోను 82.65, రానుపోను 165.3.

## దశ 2: కొలత

ఒక వైపు ఆలస్యం నేరుగా కొలవాలంటే రెండు చివర్లా గడియారాలు మిల్లీసెకను లోపు కలవాలి. చెరువు గట్టు మీది బోర్డుకు అంత నమ్మకమైన గడియారం లేదు. కాబట్టి సర్వర్ అవే 96 బైట్లను వెనక్కి పంపేలా చేసి, బోర్డు తన సొంత టైమర్‌తోనే రానుపోను సమయం తీసింది. కెమెరా ఆపేసి, 300 సందేశాలు:

కనిష్ఠం 217.1, మధ్యస్థం 225, గరిష్ఠం 233.

కాగితం 165.3 అంటోంది, కనిష్ఠమే 217.1. తేడా 51.8. సగటుతో కాకుండా కనిష్ఠంతో పోల్చడం కావాలనే. వందల కొలతల్లో కనీసం ఒక్కటైనా ఎక్కడా క్యూలో ఆగకుండా పోయి ఉంటుంది. కాబట్టి కనిష్ఠంలో మిగిలేవి ట్రాన్స్‌మిషన్, ప్రాపగేషన్, ప్రాసెసింగ్ మాత్రమే. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఉన్న ఆ 16 వేరే సమస్య.

## దశ 3: 51.8 ఎక్కడ పోయింది

సీరియల్ లైను: 40. సీరియల్‌లో బైటుకు 8 బిట్లు కాదు, 10. ప్రతి బైటు ముందు స్టార్ట్ బిట్, వెనక స్టాప్ బిట్ ఉంటాయి. 96 × 10 / 9600 = 100, 80 కాదు. పోనులో 20, రానులో 20. ఓసిలోస్కోప్‌లో సందేశం మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా చూస్తే 100 కనిపించింది. ఈ తప్పు దొరకడం తేలిక, చేయడం అంతకన్నా తేలిక.

రేడియో: 2.24. ఇక్కడ పద్ధతే ముఖ్యం. గేట్‌వే నుంచి అవతలి డాబా రేడియోకు రెండు సైజుల్లో పింగ్, ఒక్కో సైజుకు 200 సార్లు, కనిష్ఠం మాత్రమే రాసుకోవాలి.

```
ping -c 200 -i 0.2 -s 56   192.168.20.2
ping -c 200 -i 0.2 -s 1472 192.168.20.2
```

చిన్నదానికి కనిష్ఠం 3.1, పెద్దదానికి 14.4. తేడా 11.3. ఈ తేడాలో దూరం లేదు, ప్రాసెసింగ్ లేదు, హెడర్ల గొడవా లేదు, అవన్నీ రెండింటిలోనూ ఒకటే. మిగిలింది 1416 బైట్ల ట్రాన్స్‌మిషన్, రెండు వైపులా కలిపి 22,656 బిట్లు. 22,656ను 11.3 మి.సె.తో భాగిస్తే 2.005 ఎంబీపీఎస్. అంటే రేడియో వేగం అనుకున్నదే. చిన్న పింగ్‌కు మాత్రం కాగితం లెక్క 0.86 రావాలి, వచ్చింది 3.1. సైజుతో మారని ఈ 2.24, రేడియోలు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతుల వారీగా మాట్లాడుకోవడం వల్ల, వాటి లోపలి ప్రాసెసింగ్ వల్ల వచ్చింది. ఒక వైపుకు 1.12గా రాసుకున్నాం.

ఇదే పింగ్‌ను ఒకే సైజుతో చేసి ఉంటే, 3.1 చూసి లింకు వేగమే తక్కువని పొరబడే వీలుంది.

లింకు 4: సుమారు 8. ఊరి డాబా నుంచి సర్వర్‌కు పింగ్ కనిష్ఠం 13.2. కాగితం లెక్క 4.1. రెండు సైజుల పింగ్ పెట్టినా తేడా నామమాత్రం, కాబట్టి ఇది లింకు వేగం సమస్య కాదు. `traceroute`లో ఒక హాప్ దగ్గర అంకె ఒక్కసారిగా ఎగిరింది, ఆ హాప్ పేరులో `maa` ఉంది. చెన్నై విమానాశ్రయపు కోడ్ అది. భీమవరంలో బయల్దేరిన ప్యాకెట్ చెన్నై చుట్టి హైదరాబాద్ వెళుతోంది. రోడ్డు దూరాలతో ఉజ్జాయింపుగా 550 + 630 = 1180 కి.మీ. ఫైబర్‌లో 5.9. మొదట అనుకున్న 1.9 కంటే 4.0 ఎక్కువ, రానుపోను 8.0. మిగిలిన 1.08 దారిలోని రౌటర్ల ప్రాసెసింగ్ కింద వేశాం.

ఒక జాగ్రత్త. `traceroute`లో మధ్య హాప్ ఒకటి 40 చూపించి, దాని తరువాతి హాప్‌లు 12 చూపిస్తే ఆ 40ని పట్టించుకోకూడదు. ఆ రౌటర్ మన ప్యాకెట్లను వేగంగానే పంపిస్తూ, మనకు జవాబు రాయడాన్ని మాత్రం వాయిదా వేస్తోందని అర్థం. తరువాతి హాప్‌లన్నిటిలోనూ నిలిచి ఉన్న పెరుగుదలే లెక్కలోకి వస్తుంది.

ఇప్పటిదాకా: 40 + 2.24 + 8.0 + 1.08 = 51.32. ఇంకా మిగిలిన 0.48 బోర్డు, గేట్‌వే, సర్వర్ ప్రోగ్రాములది.

విడిగా ఉన్న ఆ 16. 217 నుంచి 233 దాకా కొలతలు సమానంగా పరుచుకున్నాయి. క్యూ అయితే ఎక్కువ కొలతలు కింద గుమిగూడి, కొన్ని మాత్రమే పైకి పోతాయి. గోడ కట్టినట్టు 16 దగ్గర ఆగిందంటే ఎక్కడో ఒక టైమర్ ఉందన్న మాట. షెడ్డులో ఆర్‌ఎస్-485ను గేట్‌వేకు కలిపే యూఎస్‌బీ కన్వర్టర్ దగ్గర దొరికింది. ఆ చిప్పు వచ్చిన బైట్లను వెంటనే పైకి ఇవ్వదు. బఫర్‌లో 62 బైట్లు నిండితేనో, 16 మి.సె. గడిస్తేనో ఇస్తుంది. 9600 బాడ్‌లో 16 మి.సె.కు 15 బైట్లే వస్తాయి కాబట్టి ప్రతిసారీ టైమరే గెలుస్తుంది, సందేశపు చివరి బైటు 0 నుంచి 16 దాకా ఎంతైనా ఆగుతుంది.

```
cat /sys/bus/usb-serial/devices/ttyUSB0/latency_timer
echo 1 | sudo tee /sys/bus/usb-serial/devices/ttyUSB0/latency_timer
```

16 ఉన్నదాన్ని 1 చేశాక మధ్యస్థం 225 నుంచి 217.6కు దిగింది. కన్వర్టర్ తీసి పెట్టినా, పెట్టె రీబూట్ అయినా మళ్లీ 16కే పోతుంది, కాబట్టి ఈ లైను స్టార్టప్ స్క్రిప్టులో ఉండాలి. ఇంకో సంగతి: లైను నిశ్శబ్దంగా ఉంటే సందేశం అయిపోయిందని అనుకునే ప్రోగ్రాము ఈ 16 మి.సె. విరామాలకు మోసపోయి ఒకే సందేశాన్ని ముక్కలు చేస్తుంది. మాది 96 బైట్లు లెక్కపెట్టి చదువుతుంది కనుక ఆ తిప్పలు తప్పాయి.

## దశ 4: బాడ్ పెంచడం

పోను లెక్క ఇప్పుడు 109. అందులో 100 ఒక్క తీగలోనే పోతోంది, చెన్నై చుట్టొచ్చినా 6 దాటని చోట. 400 మీటర్ల తీగకు 38400 బాడ్ పెద్ద భారం కాదు. మార్చాం: 96 × 10 / 38400 = 25.

అంచనా రానుపోను: 217.6 − 150 = 67.6. కెమెరా ఆపి కొలిస్తే 67.9. పోను మొత్తం: సుమారు 34.

## దశ 5: కెమెరా పెట్టగానే 651

కెమెరా పది సెకన్లకో చిత్రం పంపుతుంది. చిత్రం 1,47,200 బైట్లు, సరిగ్గా 100 యూడీపీ ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్ ఫ్రేము 1518 బైట్లు, రేడియోలో 6.072. మొత్తం చిత్రానికి 607.2. అంటే పది సెకన్లలో రేడియో పని చేసేది 6.07 శాతం సమయమే.

పాఠ్యపుస్తకాల్లోని సూత్రం ప్రకారం క్యూ నిరీక్షణ ρ/(1−ρ) × సర్వీసు సమయం. ρ అంటే లింకు పని చేసే సమయపు వంతు, ఇక్కడ 0.0607. 0.0646 × 6.072 = 0.39. దీన్నే నమ్ముకుని "క్యూ లేదు" అని లెక్కలో రాసేశాం. కెమెరా తిప్పి కొలిస్తే ప్రతి సందేశానికీ రానుపోను 651.

అనుమానం కొత్త బాడ్ మీదికి పోయింది. 9600కు వెనక్కి తిప్పి కొలిస్తే 726. తేడా 75 మాత్రమే. రెండు వైపులా 75 చొప్పున 150 తగ్గాల్సింది. రానులో తగ్గింది, పోనులో ఒక్క మిల్లీసెకనూ తగ్గలేదు. తీగ నాలుగింతలు వేగమైనా పోను మారలేదంటే, ప్యాకెట్ తీగ దాటాక ఎక్కడో కూర్చుని ఒక నిర్ణీత క్షణం కోసం ఎదురుచూస్తోందని అర్థం.

ఆ క్షణం ఏదో పింగ్ చూపించింది. గేట్‌వే నుంచి డాబా రేడియోకు, సెకనుకు ఐదు:

```
time=3.2 ms
time=583 ms
time=383 ms
time=183 ms
time=3.1 ms
```

200 మి.సె. ఎడంతో బయల్దేరిన పింగ్‌లు, 200 చొప్పున తగ్గుతున్నాయి. అంటే మూడు జవాబులూ దాదాపు ఒకేసారి వచ్చి పడ్డాయి. క్యూ ఖాళీ అవుతున్నప్పటి గుర్తు ఇది. 

కారణం టైములో ఉంది. బోర్డుకూ కెమెరాకూ గడియారం ఇచ్చేది గేట్‌వేయే. రెండూ ప్రతి పది సెకన్లకూ ఒకే క్షణాన బయల్దేరుతున్నాయి. చిత్రపు 100 ప్యాకెట్లు 100 ఎంబీపీఎస్ పోర్టు నుంచి సుమారు 12 మి.సె.లో రేడియో బఫర్‌లోకి దూకేస్తాయి. సెన్సర్ ప్యాకెట్ వాటి వెనక చేరుతుంది.

- 9600లో: తీగ 100 + యూఎస్‌బీ 0.5. ఈ లోపు చిత్రంలో 100.5 పోయింది. నిరీక్షణ 607.2 − 100.5 = 506.7. రానుపోను 217.6 + 506.7 = 724.3 (కొలత 726).
- 38400లో: 25.5కే క్యూలో చేరింది. నిరీక్షణ 607.2 − 25.5 = 581.7. రానుపోను 67.6 + 581.7 = 649.3 (కొలత 651).

తీగలో ఆదా అయిన 75 మొత్తం రేవులో నిలబడటానికే పోయింది.

0.39 అన్న సూత్రం ఎందుకు తప్పింది? ఆ సూత్రం ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా వస్తాయని అనుకుంటుంది. ఇక్కడ వంద ఒక్క గుంపుగా వచ్చాయి. సెన్సర్ ఏదో ఒక క్షణంలో వచ్చిందనుకున్నా సగటు నిరీక్షణ 6.07 శాతం × 303.6 = 18.4, అదే 0.39కి నలభై ఏడు రెట్లు. పైగా సెన్సర్ యాదృచ్ఛికంగానూ రావడం లేదు, ప్రతిసారీ గుంపు వెనకాలే వస్తోంది. లింకు 6 శాతమే వాడుకలో ఉందన్న అంకె చూసి క్యూను కొట్టేయకూడదు. గుంపు ఎంత, దాని వెనక ఎవరు నిలబడుతున్నారు అన్నది చూడాలి. కెమెరా టీసీపీ వాడితే చిత్రం విడతలుగా వచ్చి అంకెలు తగ్గుతాయి, పద్ధతి మాత్రం ఇదే.

## దశ 6: సరిచేయడం

ప్రయత్నం 1. బోర్డు పంపే క్షణాన్ని 5 సెకన్లు జరిపాం. రానుపోను 68కి వచ్చింది. ఒక్క లైను మార్పు. అయితే ఏరేటర్ స్థితి మారినప్పుడు బోర్డు అప్పటికప్పుడు పంపే అత్యవసర సందేశాలకు ఇది పనికిరాదు. అవి చిత్రం మధ్యలో పడితే మళ్లీ వందల మి.సె.

ప్రయత్నం 2 (విఫలం). టైము జరపడం తీసేసి, గేట్‌వేలో ప్రయారిటీ క్యూ పెట్టి సెన్సర్ పోర్టును ముందుకు తెచ్చాం. 651 అలాగే ఉంది. గేట్‌వే పోర్టు వేగం 100 ఎంబీపీఎస్, కాబట్టి గేట్‌వేలో క్యూ కట్టడానికి ఏమీ మిగలదు. క్యూ ఉన్నది రేడియో పెట్టెలో. మనం వరస సరిచేసింది ఖాళీ రేవులో.

ప్రయత్నం 3. క్యూనే గేట్‌వేలోకి లాగాలి. గేట్‌వే పంపే వేగాన్ని రేడియో కంటే కొంచెం తక్కువకు, 1.8 ఎంబీపీఎస్‌కు కట్టేస్తే రేడియోలో ఏమీ పేరుకోదు.

```
tc qdisc add dev eth1 root handle 1: tbf rate 1800kbit burst 1600 limit 300000
tc qdisc add dev eth1 parent 1:1 handle 10: prio
tc filter add dev eth1 parent 10: protocol ip u32 match ip dport 5005 0xffff flowid 10:1
```

ఇప్పుడు సెన్సర్ ప్యాకెట్ అన్నిటికన్నా ముందుంటుంది. అప్పటికే రేడియోలో సగం పోయిన పెద్ద ప్యాకెట్‌ను మాత్రం ఆపలేదు. అది గరిష్ఠంగా 6.07, దాని మీద గేట్‌వే గీసిన వేగ పరిమితి వల్ల మహా అయితే ఇంకో 0.63. చిత్రం వెళ్లడానికి 607 బదులు సుమారు 675 పడుతుంది, దానికెవరూ ఏడవరు.

అంచనా: 67.6 నుంచి 74.3 మధ్య. టైము జరపకుండా, చిత్రం మధ్యలోనే పంపి 300 సందేశాలు కొలిస్తే 68 నుంచి 74.

పోను లెక్క, ఇప్పటిది:

- తీగ 25.0, యూఎస్‌బీ 0.5
- రేడియో ట్రాన్స్‌మిషన్ 0.57, ప్రాపగేషన్ 0.02, వంతు 1.12
- భీమవరం దాకా 0.16
- చెన్నై మీదుగా 5.9
- రౌటర్లు, ప్రోగ్రాములు 0.78
- క్యూ 0 నుంచి 6.7
- మొత్తం 34 నుంచి 41

## దశ 7: వాన రోజు

1.8 అన్న అంకె రేడియో 2 ఎంబీపీఎస్ ఇస్తున్నంత కాలమే పనిచేస్తుంది. సిగ్నల్ పడిపోయి రేడియో తనంతట తాను 1 ఎంబీపీఎస్‌కు దిగితే, 1.8తో పంపే గేట్‌వే వల్ల క్యూ తిరిగి రేడియోలోకి పోతుంది, ప్రయారిటీ ఉన్నా లేనట్టే. దీన్ని పట్టడానికి దశ 3లోని రెండు పింగ్‌ల తేడానే వాడుతున్నాం. చిత్రాలకు మధ్య ఖాళీలో గంటకోసారి రెండు సైజులూ పంపి కనిష్ఠాల తేడా తీస్తుంది స్క్రిప్టు. తేడా 11.3 ఉంటే సరే. 12.5 దాటితే లింకు 1.8కి చేరువైందని అర్థం. 22.7 వస్తే 1 ఎంబీపీఎస్‌కు దిగినట్టే. అప్పుడు ఈ లైను నడుస్తుంది:

```
tc qdisc change dev eth1 root handle 1: tbf rate 900kbit burst 1600 limit 300000
```

ఆ వేగంలో పెద్ద ప్యాకెట్ ఒక్కటే 12.1 పడుతుంది కాబట్టి గరిష్ఠ నిరీక్షణ కూడా దాదాపు రెట్టింపవుతుంది. చిత్రానికి 1.35 సెకన్లు. సెన్సర్ పోను మాత్రం 50 దాటదు.